జీడిపప్పు ఫ్యాక్టరీలో వేసవి పని వేళల మార్పు: మెమో రాశాను, అతికించే ముందు చదివి చెప్పండి

కాశీబుగ్గ గుమస్తా
పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ కలిపి మా దగ్గర తొంభై మంది పైచిలుకు పని చేస్తారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇప్పుడు వేళలు ఉదయం 9 నుంచి సాయంత్రం 5.30 వరకు, మధ్యలో 1 నుంచి 2 వరకు భోజనం. ఏప్రిల్ 1 నుంచి జూన్ 15 దాకా ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 2 వరకు చేయాలని యజమాని నిర్ణయించారు. మధ్యలో 12 గంటలకు అరగంట విరామం. నోటీసు మార్చి 25న గోడకు అంటించమన్నారు. "వాళ్లు ఏమేమి అభ్యంతరాలు పెడతారో నువ్వే ఊహించి, వాటికి జవాబులు కూడా అందులోనే రాసెయ్. తర్వాత నా గది దగ్గరికి ఎవరూ రాకూడదు" అన్నారు. నేను రాసినది ఇది:

"పరిపాలనా కారణాల దృష్ట్యా, సిబ్బంది సంక్షేమం దృష్ట్యా సిబ్బంది అందరి పని వేళలు మార్చడమైనది. కొందరు ఈ మార్పును వ్యతిరేకించవచ్చును. కానీ ఇది అందరి మేలు కోసమేనని గ్రహించగలరు. వేతనాలలో ఎటువంటి మార్పు ఉండదు. రాకపోకల ఏర్పాట్లు ఎవరికి వారే చేసుకోవలెను. సహకరించని వారిపై తగిన చర్యలు తీసుకోబడును."

ఇందులో లోపం ఎక్కడుంది? నాకే ఎందుకో మింగుడు పడటం లేదు.

చీపురుపల్లి చిన్నోడు
చివరి వాక్యం మొదట పెట్టండి. మిగతాది ఎవరూ చదవక్కర్లేదు, సమయం ఆదా.

బొబ్బిలి మాష్టారు
ఒంటిపూట బడులు ఏటా మార్చి మధ్య నుంచే పెడుతున్నారు కదా, దీనికి ఇంత చర్చ ఎందుకు? ఉదయం ఏడున్నర దాటాక గంట కొట్టి పన్నెండున్నరకు పిల్లలను పంపేస్తాం. తల్లిదండ్రులు ఏమీ అనరు.

కాశీబుగ్గ గుమస్తా
మాష్టారూ, బడి కాదు, ఫ్యాక్టరీ. వీళ్లు ఆ పిల్లల తల్లులు.

ఉద్దానం కొబ్బరి
అసలు యజమానికి ఇష్టం వచ్చినట్టు పని గంటలు మార్చే హక్కే లేదు. యూనియన్ సంతకం పెట్టందే చెల్లదు. ఆ కాగితం అంటించిన రోజే లేబర్ ఆఫీసుకు వెళ్లండి, కథ ముగుస్తుంది.

నాగావళి
విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో సిబ్బంది విభాగంలో పని చేసి రిటైరయ్యాను. షిఫ్టు వేళల కాగితాలు చాలా రాశాను, కొన్ని చించుకున్నాను కూడా.

ఉద్దానం వారు చెప్పినది సగమే నిజం. సంతకం లేకపోయినా మార్చవచ్చు. కానీ ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో ఇది 9ఎ సెక్షన్. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 40వ సెక్షన్. పని గంటలు, విరామ వేళలు రెండింటి జాబితాలోనూ ఉన్నాయి. మార్చి 25న అంటిస్తే ఏప్రిల్ 15 కంటే ముందు మొదలుపెట్టలేరు. కార్మికులతో ఒప్పందం కుదుర్చుకుని రాసుకుంటే ఈ గడువు అక్కర్లేదు. అంటే మీ యజమానికి ఏప్రిల్ 1 కావాలంటే దారి ఒకటే, వాళ్లతో కూర్చోవాలి. గది దగ్గరికి రావద్దంటే కుదరదు.

ఇక మెమో సంగతి. అభ్యంతరాలను ఊహించి రాయడమంటే "కొందరు వ్యతిరేకించవచ్చు" అని రాయడం కాదు. ఆ వాక్యం ఎవరి ప్రశ్నకూ జవాబు ఇవ్వదు, పైగా ఇంకా నోరు తెరవని మనిషిని ముందే తగువులమారిని చేస్తుంది. ఆవిడ కాగితం చదవగానే మొదట ఏమి అడుగుతుందో అది రాయండి. మీ దగ్గర పీలింగ్‌కు కూలీ రోజుకు ఇస్తారా, కిలోకు ఇస్తారా?

కాశీబుగ్గ గుమస్తా
కిలో లెక్క. కటింగ్‌కూ అంతే. గ్రేడింగ్ వాళ్లకు మాత్రం రోజు కూలీ.

నాగావళి
అయితే "వేతనాలలో మార్పు ఉండదు" అన్నది నిలబడదు. ఇప్పుడు 9 నుంచి 5.30 అంటే ఎనిమిదిన్నర గంటలు, భోజనం గంట తీస్తే ఏడున్నర. కొత్తది 6.30 నుంచి 2 అంటే ఏడున్నర, అరగంట తీస్తే ఏడు. రోజుకు అరగంట పని తగ్గింది. మారనిది కిలో రేటు మాత్రమే. ఇంటికి వెళ్లే డబ్బు మారుతుంది. పీలింగ్‌లో కూర్చునే మనిషి ఈ లెక్క మీకంటే ముందు వేస్తుంది.

మందస మల్లి
నేను వేరే ఫ్యాక్టరీలో పీలింగ్ చేస్తాను. నాగావళి గారు చెప్పినట్టు మేము మొదట అడిగేది అదే. మా దగ్గర పోయిన ఏడాది ఇలాగే మార్చారు. కాగితం మీద "సంక్షేమం" అనే ఉంది. శనివారం తూకం డబ్బు చూసుకున్నాక ఆ మాట ఎవరూ నమ్మలేదు.

రెండో మాట. 12 గంటల దాకా విరామం లేకపోతే ఎలా? 6.30కి రావాలంటే ఇంట్లో ఐదున్నరకు బయలుదేరాలి. అప్పుడు తినడానికి ఏమీ దిగదు. గిన్నెలో చద్దన్నం పెట్టుకుని వస్తాం. దాన్ని పదింటికైనా తిననివ్వాలి.

నాగావళి
మల్లి గారి రెండో మాట నేను రాయాల్సింది. 6.30 నుంచి 12 దాకా ఐదున్నర గంటలు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐదు గంటలకు మించి విరామం లేకుండా పని చేయించవద్దని, కనీసం అరగంట ఇవ్వాలని రాసింది. ఈ మధ్య రాష్ట్రంలో సవరణలు, కేంద్రం నుంచి కొత్త కోడ్‌లు వచ్చాయి కాబట్టి ఇప్పుడు వర్తించే హద్దు ఏదో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ కార్యాలయంలో అడిగి రాయించుకోండి. కానీ హద్దు ఎంతైనా, విరామం 10 గంటలకు పెడితే ఆ గొడవే ఉండదు.

ఉద్దానం కొబ్బరి
సరే, 21 రోజుల మాట ఒప్పుకుంటున్నాను. కానీ నోటీసు ఇచ్చాక వివాదం లేవనెత్తే హక్కు మాకు ఉందా లేదా?

నాగావళి
ఉంది. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. లేబర్ అధికారి ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు.

చీపురుపల్లి చిన్నోడు
గుమస్తా గారూ, "పరిపాలనా కారణాలు" అంటే అసలు కారణం ఏమిటి? ఎండేనా? ఎండకు మనుషులు తగ్గుతున్నారని యజమానికి ఇప్పుడే తెలిసిందా?

కాశీబుగ్గ గుమస్తా
రెండు కారణాలున్నాయి. ఒకటి ఎండే. రేకుల కప్పు, పక్కనే పప్పు ఆరబెట్టే వేడి బోర్మా. పీలింగ్ హాలులో ఫ్యాను గట్టిగా తిప్పితే పొట్టు ఎగిరి కళ్లల్లో పడుతుంది, అందుకే తక్కువలో తిప్పుతాం. రెండోది యజమాని రాయవద్దన్నది. రాత్రి లారీకి సరుకు సాయంత్రం నాలుగుకల్లా డబ్బాల్లో సీలు వేసి సిద్ధంగా ఉండాలి. ఇప్పుడు 5.30 దాకా గ్రేడింగ్ జరుగుతుంటే ఆ రోజు సరుకు మర్నాటికి పోతోంది.

మందస మల్లి
రాయకపోతే మాకు తెలియదా? లారీ గేటు దగ్గరే కదా ఆగేది.

నాగావళి
లారీ సంగతి రాయండి. యజమానికి లాభం ఉందని చెప్పడంలో తప్పు లేదు. దాచిన కారణం బయటపడితే చెప్పిన కారణం కూడా అబద్ధమైపోతుంది, అప్పుడు ఎండ మాట ఎంత నిజమైనా ఎవరూ వినరు. మా మిల్లులో ఒకసారి నూలు విభాగం షిఫ్టు మార్చి "కరెంటు ఇబ్బంది" అని రాశారు. అసలు కారణం కొత్త ఆర్డరు. మూడో రోజుకే అది క్యాంటీనులో తెలిసిపోయింది. తర్వాత నిజంగా కరెంటు పోయినప్పుడు కూడా నవ్వేవారు.

ఎండ విషయంలో కూడా "సంక్షేమం" వద్దు. మీ దగ్గర ఆధారం ఉండాలి. భోజనం ముందు ఒకసారి, సాయంత్రం ఒకసారి తూకం వేస్తారు కదా? పోయిన ఏడాది పుస్తకం తీయండి. జనవరి, మే పక్కపక్కన పెట్టి చూడండి.

సోంపేట సీత
నా కష్టం చెబుతాను, మెమోకు పనికొస్తుందో లేదో మీరే చూడండి. మా ఆయనకు కిడ్నీ జబ్బు. పలాస కిడ్నీ ఆసుపత్రిలో డయాలసిస్. వారంలో కొన్ని రోజులు ఉదయం తొలి విడతలో పడుతుంది. దాదాపు నాలుగు గంటల సేపు మంచం మీద ఉండాలి, తోడు మనిషి కావాలి. ఇప్పుడు 9 గంటల పని కాబట్టి దింపేసి, మా అత్తయ్యను కూర్చోబెట్టి, ఆలస్యంగానైనా వెళ్తున్నాను. 6.30 అయితే ఆ రోజుల్లో పని మానేయాలి. ఉద్దానంలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీ వాళ్లకు ఇది గుర్తుండదా?

కాశీబుగ్గ గుమస్తా
సీత గారూ, గుర్తుండలేదు. మా దగ్గరా అలాంటి వాళ్లు నలుగురైదుగురు ఉన్నారు.

ఉద్దానం కొబ్బరి
కిడ్నీ జబ్బులున్న ప్రాంతంలో ఇంకో మాట. పని జరుగుతుండగా నీళ్లు తాగడానికి, బాత్రూముకు లేవనివ్వకపోతే ఏ వేళలైనా ఒకటే. కిలో లెక్కలో లేచిన ప్రతి నిమిషం డబ్బు పోతుందని ఆడవాళ్లే నీళ్లు తాగడం మానేస్తారు. ఇది మాత్రం సగం నిజం కాదు నాగావళి గారూ.

నాగావళి
పూర్తి నిజం. సీత గారి లాంటి వారి కోసం మెమోలో ఒక వాక్యం ఉండాలి: "ఇంట్లో డయాలసిస్ రోగి ఉన్నవారు, చంటిపిల్లలున్నవారు ఆ రోజుల్లో 9 గంటలకు రావచ్చు. ముందు రోజు సూపర్‌వైజరుకు చెబితే చాలు." కిలో లెక్క కాబట్టి యజమానికి నష్టం కూడా పెద్దగా లేదు.

బొబ్బిలి మాష్టారు
ఇప్పుడు అర్థమైంది. అయితే నేను చెప్పిన ఒంటిపూట బడి ఇక్కడ పనికొస్తుంది. పిల్లలు ఒంటిగంటకు ఇల్లు చేరితే తల్లి రెండున్నరకు వస్తుంది. పాత వేళల్లో అయితే సాయంత్రం దాకా ఒంటరిగా ఉంటారు, చెరువుల వెంట తిరుగుతారు. కానీ ఉదయం పిల్లలను బడికి ఎవరు తయారు చేయాలి? ఏప్రిల్ ఆఖరి వారం నుంచి సెలవులే కనుక ఆ చిక్కు మూడు నాలుగు వారాలే.

చీపురుపల్లి చిన్నోడు
మాష్టారు దారి తప్పి వచ్చి సరైన ఊరు చేరారు.

కాశీబుగ్గ గుమస్తా
నాగావళి గారు అడిగిన పుస్తకం తీశాను. పీలింగ్‌లో రోజూ వచ్చే పన్నెండు మందిని తీసుకుని సగటు చూశాను. జనవరిలో ఒక్కొక్కరు ఉదయం 4.8 కిలోలు, మధ్యాహ్నం తర్వాత 4.2 కిలోలు. మొత్తం 9 కిలోలు. మే నెలలో ఉదయం 4.7, మధ్యాహ్నం తర్వాత 3.1. మొత్తం 7.8. ఉదయం పెద్దగా తేడా లేదు, పడిపోయిందంతా భోజనం తర్వాతే. మే నెలలో మధ్యాహ్నం సరుకులో విరగని నిండు పప్పు తగ్గి బద్దలు, నూక ఎక్కువ. చెమట చేతులతో పప్పు జారుతుందని గ్రేడింగ్ వాళ్లు అంటారు.

ఉదయం నాలుగు గంటల్లో 4.7 అంటే గంటకు కిలో నూట డెబ్బై ఐదు గ్రాములు. అదే వేగంతో ఏడు గంటలు చేస్తే 8.2 కిలోలు వస్తుంది. అంటే అరగంట తగ్గినా పోయిన మే కంటే 400 గ్రాములు ఎక్కువే.

నాగావళి
బంగారం లాంటి లెక్క. మెమోలో ఇది ఉంటే చాలు, "మేలు కోసమే" అని రాయక్కర్లేదు. కానీ ఒక జాగ్రత్త. ఏడు గంటలూ అదే వేగం ఉంటుందని మీరు అనుకున్నారు. కొత్త వేళల్లో చివరి రెండు గంటలు 12 నుంచి 2. మే నెలలో అవి మధ్యాహ్నమే. 8.2 అని మాట ఇవ్వవద్దు. "ఉదయపు వేగం చాలావరకు నిలబడుతుందని అనుకుంటున్నాం. మొదటి రెండు వారాల్లో ఎవరి తూకమైనా పోయిన మే సగటు కంటే తగ్గితే ఆ తేడా ఫ్యాక్టరీ భరిస్తుంది" అని రాయించండి. ఆ వాక్యానికి యజమాని ఒప్పుకుంటే కాగితం నిలబడుతుంది.

అరగంట కలిపి 2.30 దాకా చేస్తే ఏడున్నర గంటలు సరిపోతాయి కూడా. కావలసిన వాళ్లకు ఆ అవకాశం వదిలేయండి.

మందస మల్లి
2 గంటలకు వదిలినా 2.30కి వదిలినా మేము ఇంటికి వెళ్లేది మండుటెండలోనే. దాని గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ఇప్పుడు 5.30కి చల్లబడ్డాక ఆటో ఎక్కుతున్నాం. గేటు నుంచి ఆటో స్టాండు దాకా నడక, అక్కడ మనుషులు నిండేదాకా ఎండలో నిలబడాలి. హాలులో ఎండ తప్పించి రోడ్డు మీద పడేస్తే ఏమి లాభం?

ఉద్దానం కొబ్బరి
దీనికి జవాబు చెప్పండి నాగావళి గారూ.

నాగావళి
మంచి జవాబు లేదు. 6 కంటే ముందు మొదలుపెడితే ఆడవాళ్లు చీకట్లో బయలుదేరాలి, అది ఇంకా చెడ్డది. అక్కడే చల్లబడేదాకా ఉంచితే వేళలు మార్చి లాభం లేదు. చేయగలిగింది ఒక్కటే. ఊళ్ల వారీగా ఆటోలు మాట్లాడి 2 గంటలకు గేటు లోపలే ఎక్కించడం. "రాకపోకలు ఎవరికి వారే" అన్న వాక్యం తీసేసి ఇది పెట్టాలి. యజమాని డబ్బు పెట్టకపోయినా, గుమస్తా గారు ఆటోవాళ్లతో మాట్లాడితే సగం పని అవుతుంది. ఉదయం 6కి ఆటో దొరుకుతుందా అన్నది కూడా ఆ మాటల్లోనే తేలుతుంది.

బోర్మా బాబు
ఇంతసేపు చదివాను. కాగితంలో "సిబ్బంది అందరి పని వేళలు" అని ఉంది. నేను బోర్మా దగ్గర ఉంటాను, మీ ఫ్యాక్టరీ కాదు, కానీ పని ఒకటే. ఉడికించిన పిక్క ఆరాక కొట్టి, పప్పు తీసి, పొట్టుతో బోర్మాలో పెడతాం. సుమారు 70 డిగ్రీల వేడిలో ఆరేడు గంటలు, ఒక్కోసారి ఎనిమిది. మధ్యలో ట్రేలు పైవి కిందికి, కిందివి పైకి మార్చాలి. లేదంటే ఒక ట్రే మాడుతుంది, ఒకటి పచ్చిగా ఉంటుంది. ఇప్పుడు కటింగ్ 5.30కి అయితే ఆరింటికి ఎక్కించి రాత్రి ఒంటిగంట దాటాక మంట ఆపి, లోపలే వదిలి, పొద్దున దింపుతాను. తొమ్మిదికల్లా చల్లారి పీలింగ్‌కు సిద్ధం.

కొత్త వేళల్లో 6.30కి పీలింగ్ మొదలైతే ఆ పప్పు ఎప్పుడు దింపాలి? ఐదింటికి. రాత్రే దింపి బయట పెడదామంటే కుదరదు. మన సముద్రపు గాలికి తెల్లారేసరికి మెత్తబడుతుంది. మెత్తబడితే పొట్టు వేళ్లతో రాదు, చాకు పెట్టి గీకాలి, గీకితే నిండు పప్పు కాస్తా బద్ద అవుతుంది. ఇప్పుడు మీరు లెక్క వేసిన 8.2 కిలోలు పోయినట్టే.

చీపురుపల్లి చిన్నోడు
లెక్క అంతా అయ్యాక బాబు వచ్చి మంట పెట్టాడు.

బోర్మా బాబు
మంట పెట్టడమే నా పని.

కాశీబుగ్గ గుమస్తా
మా బాయిలర్ మనిషి, బోర్మా మనిషి ఇద్దరూ ఈ తొంభై మందిలో లేరు, నెల జీతం వాళ్లు. "సిబ్బంది అందరి" అన్న మాట వల్ల వాళ్లు కూడా 6.30కి వస్తే చాలనుకుంటారు.

నాగావళి
బోర్మా బాబు చెప్పినది నాకు తట్టేది కాదు, జూట్‌లో ఈ తడి చిక్కు వేరు. గుమస్తా గారూ, విభాగాల వారీగా రాయండి. కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ ఒక వేళ. బోర్మా, బాయిలర్ వాళ్లకు వేరే కాగితం, అది కూడా వాళ్లతో కూర్చున్నాకే. కటింగ్ 2కి అయిపోయినంత మాత్రాన అప్పుడే ఎక్కించాలని లేదు కదా బాబూ? రాత్రి 8కి ఎక్కిస్తే?

బోర్మా బాబు
ఎక్కించవచ్చు. మూడింటికి మంట ఆపి ఐదింటికి దింపాలి. ఇద్దరు మనుషులు కావాలి. ఒక్కడితో చేయించాలంటే నిద్ర ఎప్పుడు?

సోంపేట సీత
ఈ కాగితం గోడకు అంటిస్తే చదివేది ఎంతమంది? మా వైపు కొందరికి ఒడియా తప్ప రాదు. కొందరికి ఏదీ చదవడం రాదు. ఉదయం తూకం దగ్గర చదివి వినిపించండి.

కాశీబుగ్గ గుమస్తా
రెండు భాషల్లో రాయిస్తాను, సూపర్‌వైజరమ్మ చదువుతుంది. యజమానితో గంటన్నర కూర్చుని వచ్చాను. తయారైన కాగితం ఇది:

"ఏప్రిల్ 15 నుంచి జూన్ 15 వరకు కటింగ్, పీలింగ్, గ్రేడింగ్ విభాగాల వేళలు ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 2 వరకు. 10 గంటలకు అరగంట విరామం. ఇష్టమైన వారు 2.30 వరకు పని చేయవచ్చు.

కారణం: పోయిన మే నెలలో భోజనం తర్వాత పీలింగ్ తూకం మనిషికి 3.1 కిలోలకు పడిపోయింది. జనవరిలో అది 4.2. ఎండే కారణమని మా నమ్మకం. తూకం పుస్తకం ఆఫీసులో ఉంది, ఎవరైనా చూడవచ్చు.

డబ్బు తగ్గుతుందా? కిలో రేటు మారదు. గ్రేడింగ్ వారి రోజు కూలీ మారదు. పని సమయం రోజుకు అరగంట తగ్గుతుంది. మొదటి వారంలో ఎవరి తూకమైనా పోయిన మే సగటు కంటే తగ్గితే ఆ తేడా ఫ్యాక్టరీ ఇస్తుంది.

ఎలా రావాలి? ఆటోల కోసం ఊళ్ల వారీగా పేర్లు రాసుకుంటున్నాం. 2 గంటలకు ఆటోలు గేటు లోపలికి వస్తాయి. ఛార్జీ ఎవరిది వారే ఇవ్వాలి.

ఉదయం రాలేనివారు: ఇంట్లో డయాలసిస్ రోగి, చంటిపిల్లలు ఉన్నవారు ముందు రోజు చెప్పి 9 గంటలకు రావచ్చు.

ఇంకా ఇబ్బందులుంటే ఏప్రిల్ 5 లోపు సూపర్‌వైజరమ్మకు చెప్పండి. 7వ తేదీన అందరితో కూర్చుంటాం."

రెండు వారాల హామీ ఒక వారానికి తగ్గించారు. లారీ వాక్యం కొట్టేశారు. "చర్యలు తీసుకోబడును" కూడా కొట్టేశారు, అది మాత్రం ఆయనే.

ఉద్దానం కొబ్బరి
నీళ్ల సంగతి ఏదీ?

కాశీబుగ్గ గుమస్తా
హాలు రెండు చివర్లా కుండలు పెడతామన్నారు. కాగితంలో చేరుస్తాను.

మందస మల్లి
మా ఫ్యాక్టరీ కాగితం కంటే నయం. లారీ కొట్టేయడం మాత్రం బాగాలేదు.

చీపురుపల్లి చిన్నోడు
నేను యజమాని వైపు. వ్యాపారం లెక్కలన్నీ గోడకు అంటించాలా?

నాగావళి
అన్నీ కాదు. 7వ తేదీన కూర్చున్నప్పుడు ఎవరైనా లారీ గురించి అడుగుతారు, అప్పుడు ఆయన నోటితో "అవును, అది కూడా" అంటే సరిపోతుంది. లేదంటారా, అప్పుడు తూకం పుస్తకం కూడా నమ్మరు. ఒక వారం హామీ తక్కువే. కొత్త వేళకు శరీరం అలవాటు పడటానికే వారం పడుతుంది, తక్కువ తూకాలన్నీ అందులోనే ఉంటాయి కాబట్టి ఆయన కట్టేదీ అప్పుడే. ఈ మాట ఆయనకు చెప్పి మళ్లీ అడగండి.

బోర్మా బాబు
నా ప్రశ్నకు జవాబు రాలేదు. రెండో మనిషిని పెడుతున్నారా?

కాశీబుగ్గ గుమస్తా
"చూద్దాం" అన్నారు.

బోర్మా బాబు
అయితే 15వ తేదీ ఉదయం 6.30కి అందరూ వస్తారు, పప్పు ఇంకా బోర్మాలో ఉంటుంది. ఆ రోజు తూకం కూడా రాసి పెట్టండి.